స్తోత్రం పంపితే ఒత్తులు విరుగుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా పారాయణ వాట్సాప్ గ్రూపులో శ్రావణమాసం వస్తోందంటే వారం ముందునుంచే అష్టోత్తరాలు, స్తోత్రాలు తిరగడం మొదలవుతుంది. వాటితోపాటే ప్రశ్నలూ వస్తాయి. ‘ఈ నామం ఎలా చదవాలి? నా ఫోనులో పొల్లు కనిపిస్తోంది’ అని ఒకరు, ‘మధ్యలో డబ్బాలు వచ్చాయి’ అని ఇంకొకరు అడుగుతారు. చాలా ఏళ్లు డీటీపీ పని చేసినదాన్ని కాబట్టి ఆ ఫోన్లన్నీ చివరికి నా చేతికే వస్తాయి. పదేపదే అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నామాన్ని తప్పుగా పలకకూడదని ఆగి అడిగేవారి కోసమే ఇది.

నేను పంపిన శ్లోకం నా ఫోనులో చక్కగా ఉంది. మా వదిన ఫోనులో మాత్రం వేరేగా కనిపిస్తోంది. తప్పు ఎవరిది?

మెసేజ్‌గా పంపిన అక్షరాలతో పాటు ఫాంట్ వెళ్లదు. అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే. మీరు ‘లక్ష్మి’ అని పంపితే అవతలికి వెళ్లేది ఆ అక్షరాల వరుస మాత్రమే: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కో గుర్తుకు యూనికోడ్‌లో ఒక్కో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలు అందుకున్న ఫోను తన దగ్గరున్న ఫాంట్‌తో అక్షరాన్ని గీసి చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది నోటో కుటుంబానికి చెందిన తెలుగు ఫాంట్, ఐఫోన్లలో కోహినూర్ తెలుగు. అందువల్ల అక్షరాల వంపులో, లావులో తేడా ఉండడం సహజం. అది తప్పు కాదు.

ఒత్తు విడిపోవడం, పొల్లు బయటపడడం, డబ్బాలు రావడం వేరు. వాటికి కారణం రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది: పంపిన అక్షరాల వరుసలోనో, చూపించే ఫాంట్‌లోనో. ఏది ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చెడినట్లు కనిపిస్తున్న పదాన్ని అదే ఫోనులో, అదే గ్రూపులో కొత్తగా టైప్ చేసి చూడండి. కొత్తది బాగా కనిపిస్తే ఫోనుకు, ఫాంట్‌కు ఏ లోపమూ లేదు, వచ్చిన పాఠంలోనే అక్షరాల వరుస చెడింది. కొత్తగా టైప్ చేసినదీ చెడితే లోపం ఫోను ఫాంట్‌లో ఉంది. మా గ్రూపులో నేను చూసినంతవరకు ఎక్కువ సందర్భాల్లో తేలింది మొదటిదే.

అయితే మెసేజ్‌లో నాకు నచ్చిన ఫాంట్ పెట్టలేనా? ఇంగ్లిషులో రకరకాల అందమైన అక్షరాలతో పంపుతున్నారు కదా?

పెట్టలేరు. ఇంగ్లిషులో కనిపించే ఆ వంపుల అక్షరాలు ఫాంట్లు కావు. గణితంలో వాడడానికి యూనికోడ్‌లో విడిగా చేర్చిన గుర్తులు అవి. తెలుగుకు అలాంటి రెండో వరుస లేదు. ‘స్టైల్ ఫాంట్’ అని చెప్పే కీబోర్డులు తెలుగు అక్షరాల మీద చుక్కలు, గీతలు అతికిస్తాయి. ఆ అతికింపు ఒత్తుకూ అసలు అక్షరానికీ మధ్య పడితే సంయుక్తాక్షరం విరుగుతుంది. స్తోత్రాలకు వాటిని వాడకండి.

ఫాంట్ ఎంచుకునే అవకాశం మీకు రెండు చోట్ల మాత్రమే ఉంది. ఒకటి, శ్లోకాన్ని బొమ్మగా చేసి పంపేటప్పుడు. రెండు, పీడీఎఫ్‌గా పంపేటప్పుడు. వాటి గురించి కింద వివరంగా రాశాను.

‘భకి్త’, ‘శకి్త’, ‘పరమాతి్మక’ అని వస్తున్నాయి. ఏ ఫాంట్ పెడితే సరిపోతుంది?

ఏ ఫాంట్ పెట్టినా సరిపోదు. అక్షరాల వరుస తారుమారైంది కాబట్టి వరుసనే సరిచేయాలి.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. యూనికోడ్ వాడకంలోకి రాకముందు ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పని చేసేవాళ్లం. చాలాచోట్ల ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగి ఉంటాయి. ‘క్తి’ అని రావాలంటే ముందు ‘కి’ బొమ్మ, దాని పక్కన ‘త’ ఒత్తు బొమ్మ పెడతాం. కంటికి ఎలా కనిపిస్తుందో ఆ వరుసలోనే ముక్కలు పేరుస్తామన్నమాట.

యూనికోడ్‌లో వరుస కంటిది కాదు, నోటిది. ‘క్తి’ని మనం ఎలా పలుకుతామో అలాగే క, పొల్లు, త, చివరికి గుడి ఉండాలి. పలికేటప్పుడు ఇకారం చివర వస్తుంది కాబట్టి గుడి కూడా చివరే ఉండాలి. దాన్ని ‘క’ మీదకు చేర్చి, ‘త’ను కింద ఒత్తుగా గీసే పని ఫాంట్ చూసుకుంటుంది. పాత ఫాంట్‌లోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనం ఈ వరుస తిప్పకుండా వదిలేస్తే క, గుడి, పొల్లు, త అని మిగులుతుంది. గుడి తర్వాత పొల్లు వచ్చేసరికి ఫోనుకు ‘కి’ దగ్గర అక్షరం ముగిసిపోతుంది, ‘త’ పక్కన విడిగా నిలబడుతుంది. మనకు కనిపించే ‘కి్త’ అదే.

మా గుడివాళ్లు వేయించిన లక్ష్మీ అష్టోత్తరం పుస్తకం ఫైలు ఉంది. దాన్ని గ్రూపులో పెట్టాలంటే ఏం చేయాలి?

పోయిన సంవత్సరం సరిగ్గా ఈ పనే చేశాను కాబట్టి జరిగినది జరిగినట్లు చెబుతాను.

ఫైలు పీడీఎఫ్. తెరిచి చూస్తే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక నామాన్ని కాపీ చేసి గ్రూపులో అతికించాను. డాలర్ గుర్తులు, మీద చుక్కలున్న ఇంగ్లిషు అక్షరాలు కలగాపులగంగా వచ్చాయి. అంటే అది పాత ఫాంట్‌తో చేసినది. అతికించినప్పుడు తెలుగే వచ్చి, ఒత్తులు మాత్రం అటూ ఇటూ అయితే అది యూనికోడ్‌తో చేసిన పీడీఎఫ్ అని అర్థం. పీడీఎఫ్‌లో ప్రధానంగా ఉండేది ఏ బొమ్మ పేజీలో ఎక్కడ పడాలనే లెక్క. అందువల్ల కాపీ చేసినప్పుడు ఒత్తులు వరుస తప్పుతాయి, ఒక్కోసారి రాలిపోతాయి. ఈ రెండో రకంలో మంచి దారి ఒక్కటే: పీడీఎఫ్ తయారు చేసినవారిని అడిగి అసలు డాక్యుమెంట్ తెప్పించుకోవడం.

మాది మొదటి రకం కాబట్టి పాఠాన్ని ఒక కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. మొదటి ఎనిమిది నామాలు ఇలా వచ్చాయి:

ప్రకృతై్య, వికృతై్య, విదా్యయై, సర్వభూతహితప్రదాయై, శ్రదా్ధయై, విభూతై్య, సురభై్య, పరమాతి్మకాయై.

ఎనిమిదిలో ఏడు చెడ్డాయి. చెడనిది ‘సర్వభూతహితప్రదాయై’ ఒక్కటే. ఎందుకో చూడండి. అందులో ఒత్తులున్న చోట్లు రెండు, ‘ర్వ’, ‘ప్ర’. రెండింటికీ తలకట్టే కానీ వేరే గుణింతపు గుర్తు లేదు. తిప్పవలసిన గుర్తు లేదు కాబట్టి వరుస తప్పే అవకాశమూ లేదు. మిగిలిన ఏడింటిలో ఒత్తు ఉన్న అక్షరానికి ఐత్వమో దీర్ఘమో గుడియో ఉంది. అదే ఒత్తుకు ముందు చిక్కుకుపోయింది. దేవి నామాల్లో ‘త్యై’, ‘భ్యై’ వంటివి అడుగడుగునా వస్తాయి కాబట్టి ఈ అష్టోత్తరం మొత్తం ఇలాగే ఉంటుందని అప్పుడే తెలిసిపోయింది.

కంప్యూటర్ ఉంటే దీన్ని ఒక్కసారిలో సరిచేయవచ్చు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో అంటే అక్షరాల నమూనా చెప్పే సూత్రంతో వెతికి మార్చే వీలున్న ఎడిటర్ ఏదైనా ఫరవాలేదు. నేను వీఎస్ కోడ్ వాడాను. వెతికే గడిలో మొదటి వరుస, మార్చే గడిలో రెండోది పెట్టాలి:

```
([\u0C3E-\u0C4C\u0C56]+)((?:\u0C4D[\u0C15-\u0C39])+)
$2$1
```

గుణింతపు గుర్తు, దాని వెంటనే పొల్లు, హల్లు ఎక్కడ కనిపించినా, ఆ ఒత్తులన్నిటినీ ముందుకు జరిపి గుర్తును చివర పెట్టమని దీని అర్థం. తెలుగులో గుణింతపు గుర్తు వెంట పొల్లు రావడం సరైన రాతలో ఎప్పుడూ ఉండదు. అందుకని ఈ మార్పు బాగున్న పదాల జోలికి పోదు. ‘ప్రకృతై్య’ వెంటనే ‘ప్రకృత్యై’ అయింది, ‘శ్రదా్ధయై’ ‘శ్రద్ధాయై’ అయింది. ‘క్ష్మ్యై’ లాంటి చోట ఒత్తులు ఒకటికంటే ఎక్కువ ఉన్నా కలిపే జరుపుతుంది. కంప్యూటర్ లేకపోతే చెడిన పదాలను ఫోనులోనే కొత్తగా టైప్ చేయడం తప్ప దారి లేదు. నూట ఎనిమిది నామాలు ఇద్దరు పంచుకుంటే ఒక సాయంత్రం పని.

అంతటితో పూర్తి కాలేదు. ప్రతి నామం చివర ‘నమః’ బదులు ‘నమ:’ అని కోలన్ ఉంది. పాత టైపింగ్‌లో అలవాటుగా కొట్టినది. దాన్నీ విసర్గగా మార్చాను. ఆ తర్వాత అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు పుస్తకంలో చూసుకున్నాం. ఇది తప్పనిసరి. కన్వర్టర్లు ‘మ’ను ‘వు’గా, ‘ధ’ను ‘ద’గా మార్చేసిన చోట్లు ఏ సూత్రానికీ దొరకవు, చెవికే దొరుకుతాయి. కెమెరాతో ఫొటో తీసి అక్షరాలుగా మార్చుకునేవారికి కూడా ఇదే మాట: ‘భ’ పొట్ట కింది గీత, ‘ధ’ కింది గీత పోయాయేమో ప్రత్యేకంగా చూసుకోండి.

‘లక్ష్‌మి’ అని మధ్యలో పొల్లు నిలబడుతోంది. అక్షరాలన్నీ సరైన వరుసలోనే ఉన్నాయి. ఇది ఏమిటి?

మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంది. దాని యూనికోడ్ సంఖ్య U+200C. ‘ఇక్కడ ఒత్తుగా కలపవద్దు’ అని ఫాంట్‌కు చెప్పడమే దాని పని. ‘గ్రూప్‌లో’, ‘ఫోన్‌కు’ అని రాసేటప్పుడు అది కావాలి, లేకపోతే ‘గ్రూప్లో’ అయిపోతుంది. సంస్కృత పదం మధ్యలో అదే గుర్తు దూరితే సంయుక్తాక్షరాన్ని చీలుస్తుంది. కొన్ని కీబోర్డులు పొల్లు కొట్టగానే దీన్ని కూడా చేర్చేస్తాయి. ‘లక్ష్’ వరకు రాసి ఆగి, తర్వాత ‘మి’ చేర్చినవారి పాఠాల్లో నేను దీన్ని ఎక్కువగా చూశాను.

కనిపించదు కాబట్టి దాన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి చెబుతాను. కర్సర్‌ను ‘మి’కి ముందు, పొల్లుకు తర్వాత పెట్టి ఒకసారి చెరిపే మీట నొక్కండి. తెర మీద ఏ అక్షరమూ పోకుండా ‘మి’ వెళ్లి ఒత్తుగా కలిసిపోతే అక్కడ ఉన్నది అదే. కర్సర్ అంత సూక్ష్మంగా నిలవకపోతే పదం మొత్తం చెరిపి, ఆగకుండా ఒకేసారి టైప్ చేయండి. పదం చివరి పొల్లుకు దీని అవసరం లేదు. ‘తత్’ తర్వాత ఖాళీ ఉంటే పొల్లు పొల్లుగానే ఉంటుంది.

ఒక తెలుగు అక్షరం పంపితే ఫోను ఆగిపోతుందని విన్నాం. నిజమేనా?

ఒకప్పుడు నిజం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో పైన చెప్పిన కనిపించని గుర్తుతో కలిసి వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. ఐఓఎస్ 11.2.5లో ఆ లోపం ఉండేది. అదే నెలలో వచ్చిన 11.2.6తో సరిచేశారు. మామూలుగా రాసిన ‘జ్ఞానం’తో ఎన్నడూ ఇబ్బంది లేదు. ఇప్పుడు ‘జ్ఞానప్రసూనాంబ’ అని పంపడానికి ఎవరూ వెనకాడనక్కరలేదు.

కొందరికి అక్షరాల మధ్య డబ్బాలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

ఆ గుర్తుకు బొమ్మ ఆ ఫోను ఫాంట్‌లో లేదు. డబ్బాలను ఫాంట్లు చేసేవాళ్లు ‘టోఫూ’ అంటారు. ఆ టోఫూ కనిపించకూడదనే ఉద్దేశంతోనే నోటో ఫాంట్లకు ఆ పేరు పెట్టారు. మామూలు తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 నుంచి ఉన్నాయి, వాటికి ఈ బాధ రాదు. తర్వాత చేరిన గుర్తులకే వస్తుంది. అవగ్రహం ‘ఽ’ 2008లో చేరింది, ఇప్పటి ఫోన్లలో బాగానే కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ‘న్’కు వాడే నకారపొల్లు విడి గుర్తుగా 2021లో చేరింది. దాన్ని వాడితే పాత ఫోన్లున్న పెద్దవాళ్లందరికీ డబ్బా కనిపిస్తుంది. గ్రూపు కోసమైతే మామూలు ‘న్’ రాయండి.

శ్లోకం చివరి ఒంటి దండం ‘।’, జంట దండం ‘॥’ తెలుగు వరుసలో లేవు. దేవనాగరి వరుసలో ఉన్న వాటినే తెలుగుతో సహా చాలా భారతీయ లిపులు పంచుకుంటాయి. కొన్ని తెలుగు ఫాంట్లలో వీటికి బొమ్మ ఉండదు, అప్పుడు ఫోను ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి చూపిస్తుంది. దండం కొంచెం పొడుగ్గానో సన్నగానో కనిపిస్తే కంగారు పడకండి. మీ కీబోర్డులో అవి దొరకకపోతే నిలువు గీత వాడినా చదివేవారికి నష్టం లేదు. ‘ఓం’ మాత్రం ఓ, సున్నతోనే రాయండి. దాన్ని గుర్తుగా పెడితే కొన్ని ఫోన్లలో రంగు ఎమోజీగా మారిపోతుంది.

చూడడానికి ఒకలాగే ఉన్నాయి కదా, విసర్గకు కోలన్ పెడితే ఏమవుతుంది?

కంటితో చదివేవారికి పెద్దగా తేడా తెలియదు. కానీ మా గ్రూపులో చూపు తగ్గినవాళ్లు ఉన్నారు, వాళ్లు ఫోను చేత చదివించుకుంటారు. కోలన్ ఉంటే ‘నమ’ అని ఆగిపోతుంది, విసర్గ పలకదు. సున్నకు బదులు అంకె 0 కొడితే ‘స0’ పదమే కాకుండా పోతుంది. వెతికినా ఆ పదం దొరకదు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. పాత అచ్చులో ‘సర్వ’ను ‘సవ౯’ అని వలపలగిలకతో వేసేవారు. దాన్ని చూసి కొందరు తెలుగు తొమ్మిది అంకెను అక్కడ పెడుతున్నారు. చదివించుకునేవారికి దేవుడి నామం మధ్యలో ‘తొమ్మిది’ వినిపిస్తుంది. దయచేసి ‘సర్వ’ అనే రాయండి.

బొమ్మగా చేసి పంపుతాను. ఏ ఫాంట్ మంచిది?

ఇక్కడ మాత్రం ఎంపిక పూర్తిగా మీ చేతిలో ఉంది. నేను శ్లోకాలకు రెండే వాడతాను: `Noto Serif Telugu`, `Tiro Telugu`. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. టిరో ఫాంట్‌ను మొదట మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం తయారు చేశారు. ప్రాచీన సాహిత్యాన్ని అచ్చు వేయడానికి గీసినది కాబట్టి స్తోత్రానికి నప్పుతుంది. రామభద్ర, రవిప్రకాశ్, లక్కిరెడ్డి వంటివి అందమైనవే, కానీ శీర్షికల కోసం గీసిన లావు అక్షరాలు. ‘శ్రీ వరలక్ష్మీ వ్రతం’ అని పైన పెట్టడానికి వాడుకోండి, కింద శ్లోకానికి వద్దు.

ఎవరో చెప్పారని కాకుండా మీరే పరీక్షించుకోండి. ఏ కొత్త ఫాంట్ తీసుకున్నా నేను ముందు ఈ వరుస టైప్ చేసి చూస్తాను:

```
లక్ష్మ్యై జ్యోత్స్నా కార్త్స్న్యం దంష్ట్రా ఊర్ధ్వం వాఙ్మయం సోఽహం నమః ॥
```

రోజువారీ తెలుగులో ఒకటి, రెండు ఒత్తులకు మించి రావు. శీర్షికల ఫాంట్లు గీసేవారు వాటినే ఎక్కువగా దృష్టిలో పెట్టుకుంటారు. స్తోత్రంలో మూడు, నాలుగు ఒత్తులు వస్తాయి. ‘కార్త్స్న్యం’లో ‘ర’ కింద త, స, న, య నాలుగూ ఉండాలి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ‘లక్ష్మ్యై’ని పెద్దది చేసి చూడండి. ఐత్వంలో రెండు ముక్కలుంటాయి, పైది ‘క్ష’ తల మీద, కిందిది అక్షరం అడుగున. ఆ కింది ముక్క, మ ఒత్తు, య ఒత్తు మూడూ ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన చోటు చేసుకోవాలి. ఒకటి ఇంకొకదాన్ని కప్పేస్తే ఆ ఫాంట్ వద్దు. ‘ఙ్మ’లో పొల్లు బయట పడినా, ‘ఽ’ స్థానంలో డబ్బా వచ్చినా వద్దు.

ఫాంట్ బాగున్నా బొమ్మలో ఒత్తులు పాడవడానికి ఇంకో కారణం వరుసల మధ్య దూరం. చాలా యాప్‌లలో మొదట ఉండే దూరం ఇంగ్లిషుకు సరిపోయేది. ‘ష్ట్ర’, ‘త్స్న్య’ అడుగు భాగం కింది వరుస గుడులకు తగులుతుంది, చివరి వరుసలో అయితే సగం కోసుకుపోతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పెట్టండి, నేను 1.7 పెడతాను. 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో అక్షరం 48కి తగ్గకుండా, ఎనిమిది వరుసలకు మించకుండా చూసుకోండి. వాట్సాప్ బొమ్మను కుదించి పంపుతుంది, అప్పుడు మొదట మసకబారేవి ఒత్తులే. అందుకని హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

బొమ్మతో పాటు అదే శ్లోకాన్ని మెసేజ్‌గా కూడా పెట్టండి. అక్షరాలు పెద్దవి చేసుకునేవారికి, చదివించుకునేవారికి బొమ్మ పనికిరాదు.

మంచి ఫాంటే పెట్టాను. అయినా బొమ్మ చేసే యాప్‌లో అన్ని పొల్లులూ విడివిడిగా వస్తున్నాయి.

అన్ని పదాల్లోనూ, ‘అమ్మ’లో కూడా ఒత్తు విడిపోతే ఫాంట్‌ను అనుమానించకండి. అక్షరాలను కలిపి ఒత్తులుగా మార్చే పద్ధతి ఆ యాప్‌కు తెలియదు. యాప్ మార్చడమే మందు. కంప్యూటర్‌లో ఇన్‌డిజైన్ వాడేవారైతే పేరాగ్రాఫ్ సెట్టింగులలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకుంటే సరిపోతుంది. తొందరలో ఉంటే, శ్లోకాన్ని ఫోనులోని నోట్స్‌లో పెద్ద అక్షరాలతో పెట్టి స్క్రీన్‌షాట్ తీసి పంపండి. అలంకారం లేకపోయినా అక్షరం నిలుస్తుంది.

శ్లోకం మొత్తం బోల్డ్‌లో పంపవచ్చా?

పేరు వరకే చాలు. నక్షత్రపు గుర్తుల మధ్య పెడితే అక్షరం లావవుతుంది, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ‘ప’, ‘ష’ ఒత్తుల మధ్య తేడా తెలియదు. వాలు అక్షరాలు తెలుగుకు అసలు వద్దు.

రుద్రం స్వరాలతో పంపితే చుక్కల వలయాలు కనిపిస్తున్నాయి.

అనుదాత్తపు అడ్డగీత, స్వరితపు నిలువుగీత కూడా అక్షరానికి అతుక్కునే గుర్తులే. అవి రావలసిన చోటు కాకుండా ఇంకోచోట వస్తే ఫోను చుక్కల వలయం గీసి, దాని మీద వాటిని పెట్టి చూపిస్తుంది. ఒక అక్షరంలో ముందు గుణింతం, తర్వాత సున్నో విసర్గో, అన్నిటికంటే చివర స్వరం ఉండాలి. ‘నమః॑’ అని రావాలంటే మ, విసర్గ, స్వరితం అనే వరుస. స్వరితం ముందు కొట్టి తర్వాత విసర్గ పెడితే వలయం వస్తుంది. ఆ వలయం రాకూడదనే చాలామంది అక్కడ కోలన్ పెట్టి సరిపెడుతున్నారు. వరుస మార్చుకుంటే ఆ అవసరమే ఉండదు.

వరుస సరిగ్గా ఉన్నా, కొన్ని ఫోన్లలో స్వరం అక్షరానికి దూరంగా, పక్కకు జరిగి పడుతుంది. ఏ అక్షరానికి ఏ స్వరమో అనుమానం వచ్చే పాఠాన్ని వేదం నేర్చుకునేవారికి ఇవ్వకూడదని నా అభిప్రాయం. స్వరాలున్న పాఠాన్ని మెసేజ్‌గా కాకుండా పీడీఎఫ్‌గానే పంపండి.

పీడీఎఫ్ అయితే అందరికీ ఒకేలా కనిపిస్తుందా?

ఫాంట్ అందులో పొదిగి ఉంటే కనిపిస్తుంది. గూగుల్ డాక్స్‌లో గానీ వర్డ్‌లో గానీ రాసి పీడీఎఫ్‌గా భద్రపరిస్తే మామూలుగా ఫాంట్ లోపలికి వెళ్తుంది. నిర్ధారించుకోవాలంటే కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరిచి Ctrl+D నొక్కి, `Fonts` అనే చోట చూడండి. ఫాంట్ పేరు పక్కన `Embedded` అని ఉండాలి. వర్డ్ ఫైలునే నేరుగా గ్రూపులో పెట్టకండి, అవతలివారి దగ్గర ఆ ఫాంట్ లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది, పేజీలు కదిలిపోతాయి. పేజీని ఏ4లో కాకుండా ఏ5లో, 16 పాయింట్ల అక్షరంతో పెడితే ఫోనులో జరుపుకుంటూ చదవనక్కరలేదు.

అందరికీ బాగుంది, మా అమ్మమ్మ ఫోనులో మాత్రం ప్రతి మెసేజ్ చెడుతోంది.

ముందు ఆమె ఫోను సెట్టింగులలో డిస్‌ప్లే కింద ఫాంట్ ఏది ఉందో చూడండి. పిల్లలెవరో థీమ్ మార్చినప్పుడు అలంకారపు ఫాంట్ పడి ఉండవచ్చు. దాన్ని తీసి ఫోనుతో వచ్చిన డిఫాల్ట్ ఫాంట్ పెట్టండి, ఫోనును ఒకసారి ఆపి మళ్లీ వేయండి. తర్వాత పైన ఇచ్చిన పరీక్ష వరుసను ఆమెకు మెసేజ్‌గా పంపి చూడండి. ఆ ఫోను మరీ పాతదై, డిఫాల్ట్ ఫాంట్‌తో కూడా ‘కార్త్స్న్యం’ నిలవకపోతే ఆమెకు ఆ స్తోత్రాన్ని విడిగా బొమ్మగా పంపండి. మా గ్రూపులో అలాంటివారు నలుగురున్నారు. వాళ్ల పేర్లు ఒక జాబితాలో పెట్టుకుని, ప్రతి శుక్రవారం మెసేజ్ పెట్టిన వెంటనే వాళ్లకు బొమ్మ పంపుతాను.